పట్టకంలో కనిష్ఠ విచలనం: గుండుసూదుల నుంచి నీటి పట్టకం దాకా

ఆదివారం ఉదయం: సామాను, పట్టక కోణం

ఈ ప్రాజెక్టులో రెండు పనులు పెట్టుకున్నాను. మొదటిది, గాజు పట్టకం వక్రీభవన గుణకం n ని గుండుసూదులతో, కోణమానినితో కనుక్కోవడం. పట్టకంలోంచి వెళ్లే కిరణం అతి తక్కువగా వంగే కోణాన్ని, అంటే కనిష్ఠ విచలనాన్ని కొలిచి, పట్టక కోణంతో పాటు సూత్రంలో పెడితే n వస్తుంది. రెండోది, అదే సూత్రంతో నీటి వక్రీభవన గుణకం తీయడం. దానికి గాజు పలకలతో బోలు పట్టకం తయారు చేసుకోవాలి. మా అన్నయ్య కూతురు పదో తరగతి చదువుతోంది, తను కూడా చేరింది. ఆమెకు సూత్రం నోటికి వచ్చు. ఆ సూత్రం ఎందుకు నిజమో కాగితం మీదే తేల్చుకోవాలన్నది మా ఇద్దరి పట్టుదల.

సామాను పెద్దగా ఏమీ లేదు. సమబాహు గాజు పట్టకం, థర్మాకోల్ పలక, తెల్ల కాగితాలు, గుండుసూదులు, అర డిగ్రీ దాకా చదవగలిగే పెద్ద కోణమానిని, సన్నగా చెక్కిన పెన్సిలు. థర్మాకోల్ మందంగా ఉంటే మంచిది, సూది నిటారుగా నిలబడుతుంది.

ముందుగా పట్టక కోణం A కొలిచాం. పెట్టె మీద 60° అని ఉన్నా కొలవాల్సిందే, ఎందుకంటే చివరి లెక్కలో A కీ కనిష్ఠ విచలనం D కీ దాదాపు సమానమైన బరువుంటుంది. కొలిచే పద్ధతి ఇది. కాగితం మీద రెండు సమాంతర గీతలు గీసి, పట్టకం శీర్షం వాటి మధ్యలోకి వచ్చేలా పెట్టాలి. ఒక గీత ఎడమ ముఖాన్ని, రెండోది కుడి ముఖాన్ని తాకుతుంది. ఒక్కో గీత మీద రెండేసి సూదులు గుచ్చి, ముఖంలో కనిపించే వాటి ప్రతిబింబాల వరుసలోకి మరో రెండేసి సూదులు పెట్టాలి. పరావర్తన కిరణాలు రెండూ గీసి వెనక్కి పొడిగిస్తే వాటి మధ్య కోణం సరిగ్గా 2A వస్తుంది. మాకు 120° వచ్చింది, అంటే A = 60°. రెట్టింపు కోణం కొలుస్తాం కనుక కోణమానినిలో అర డిగ్రీ తేడా పోయినా A లో పావు డిగ్రీయే పోతుంది. పట్టకం అంచు వెంట గీసి నేరుగా కొలవడం కంటే ఈ పద్ధతే నాకు నచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం: సూదుల వరుస

పట్టకం చుట్టూ గీత గీసి, ఒక ముఖం మధ్య బిందువు దగ్గర లంబం వేశాం. లంబంతో 35° చేసే గీత గీసి దాని మీద రెండు సూదులు గుచ్చాం. పట్టకం మళ్లీ దాని గీతల్లో పెట్టి, రెండో ముఖంలోంచి ఒక కన్ను మూసి చూస్తూ, ఆ రెండు సూదుల ప్రతిబింబాలతో ఒకే వరుసలో కనపడేలా ఇవతల మరో రెండు సూదులు గుచ్చాం. నాలుగూ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటే వరుస కుదిరినట్టు. పట్టకం తీసేసి పతన కిరణాన్ని ముందుకు, బహిర్గామి కిరణాన్ని వెనక్కి పొడిగిస్తే అవి కలిసే చోట విచలన కోణం d వస్తుంది. రెండో ముఖం దగ్గర లంబం వేసి బహిర్గామి కోణం కూడా కొలిచాం. స్కూలు రికార్డులో ఇది ఎవరూ అడగరు కానీ, తర్వాత ముఖ్యమైన పని చేసింది ఆ అంకెలే.

ఇక్కడ కొలత చెడేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, సూది తలలను చూసి వరుస కలపడం. సూది కొంచెం వాలినా తల పక్కకి పోతుంది, కాగితంలో దిగిన మొదలు మాత్రం కదలదు. కన్ను కాగితం మట్టానికి దించి మొదళ్లనే చూడాలి. రెండోది, రెండు సూదుల మధ్య దూరం. అవి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఒక సూది అర మిల్లీమీటరు పక్కకి పడితే కిరణం దిశ అర డిగ్రీకి పైగా మారిపోతుంది. 10 సెంటీమీటర్లు ఉంచితే అందులో సగమే. అందుకే పెద్ద కాగితం వాడాం.

35° దగ్గర చూడడం కష్టంగా ఉంది. కిరణం రెండో ముఖాన్ని దాదాపు ఒరుసుకుంటూ బయటికి వస్తుంది, ప్రతిబింబం సన్నగా నొక్కుకుపోయి అంచుల్లో రంగులు కనపడతాయి. 25° పెట్టి చూస్తే సూదులు అసలు కనపడలేదు. ఎంత వెతికినా కనపడవు కూడా. ఈ గాజుకు సుమారు 29° కంటే తక్కువ పతన కోణంతో వెళ్లిన కాంతి రెండో ముఖం దగ్గర సందిగ్ధ కోణం దాటిపోయి, సంపూర్ణాంతర పరావర్తనం చెంది లోపలికే తిరిగిపోతుంది.

రాసుకున్న కొలతలు, అన్నీ డిగ్రీలలో:

| పతన కోణం i₁ | బహిర్గామి కోణం i₂ | విచలనం d |
|---|---|---|
| 35 | 68.5 | 44 |
| 40 | 60.5 | 40.5 |
| 45 | 54.5 | 39.5 |
| 50 | 49 | 39 |
| 55 | 44 | 39.5 |
| 60 | 40.5 | 40.5 |
| 65 | 37 | 42 |

ఆదివారం రాత్రి: గ్రాఫు, ఒక మంచి ప్రశ్న

i₁ ని అడ్డంగా, d ని నిలువుగా పెట్టి గ్రాఫు గీశాం. ఎడమ వైపు నిటారుగా దిగి, 50° చుట్టుపక్కల గిన్నె అడుగులా చదునుగా మారి, కుడివైపు మెల్లగా లేస్తుంది. రెండు వైపులా ఒకేలా లేవదు. బిందువులను స్కేలుతో ముక్కలు ముక్కలుగా కలపకుండా నున్నటి వక్రం గీసి, దాని అడుగున ఒక అడ్డగీత ఆనించాం. కనిష్ఠ విచలనం D = 39°.

అప్పుడు మా అమ్మాయి అడిగింది. "బాబాయ్, ఏ పతన కోణమైనా స్నెల్ నియమం నిజమే కదా. మరి n కోసం గ్రాఫు అడుగుకే ఎందుకు వెళ్లాలి? 40 డిగ్రీల దగ్గరే లెక్క కట్టకూడదా?"

కట్టవచ్చు. కట్టి చూశాం కూడా. ఏ కిరణానికైనా పనికొచ్చే సూత్రం ఒకటుంది:

```
n² = sin² i₁ + [ (sin i₂ + cos A · sin i₁) / sin A ]²
```

i₁ = 40°, i₂ = 60.5°, A = 60° పెడితే n = 1.519 వచ్చింది. సమాధానం బాగానే ఉంది. అయితే దీనికి మూడు కోణాలు కావాలి. i₁, i₂ కొలవాలంటే రెండు ముఖాల దగ్గరా లంబాలు కచ్చితంగా గీయాలి. కనిష్ఠ విచలనం దగ్గర i₁ విలువ తెలియాల్సిన అవసరమే లేదు. లంబాలూ అక్కర్లేదు. లోపలికి వెళ్లిన దిశ, బయటికి వచ్చిన దిశ, వాటి మధ్య కోణం తెలిస్తే చాలు.

ఇంకో లాభం ఆ చదును అడుగులో ఉంది. కిరణాన్ని అడుగు స్థానం నుంచి 2° పక్కకి పెట్టినా d లో డిగ్రీలో పదో వంతు కూడా మారదు. అదే 35° దగ్గర i₁ లో 2° తేడా వస్తే d దాదాపు 2° మారిపోతుంది. పతన కోణం అమర్చడంలో మన చెయ్యి చేసే చిన్న తప్పులను వక్రం తనే మింగేసే చోటు ఆ అడుగు ఒక్కటే. ఈ పద్ధతి పట్టు అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

మంగళవారం: అడుగు దగ్గర రెండు కోణాలూ సమానమని ఎలా తెలుసు?

సూత్రం రాబట్టడానికి కావాల్సిన జ్యామితి కొంచెమే. పట్టకం లోపల మొదటి ముఖం దగ్గర వక్రీభవన కోణం r₁, రెండో ముఖం మీద కిరణం లోపలి నుంచి పడే కోణం r₂ అనుకుందాం. రెండు లంబాలను లోపలికి పొడిగిస్తే అవి ఒక చోట కలుస్తాయి. శీర్షం, కిరణం తాకిన రెండు బిందువులు, లంబాలు కలిసిన బిందువు కలిపి ఒక చతుర్భుజం. అందులో రెండు కోణాలు లంబకోణాలు కనుక మిగిలిన రెండూ కలిపి 180°. లంబాలు కలిసిన చోట ఏర్పడే త్రిభుజంలో కూడా మూడు కోణాలు కలిపి 180°. రెండూ పోల్చితే:

```
r₁ + r₂ = A
```

మొదటి ముఖం దగ్గర కిరణం i₁ − r₁ వంగుతుంది, రెండో ముఖం దగ్గర i₂ − r₂. రెండూ ఒకే వైపుకే కాబట్టి కూడితే:

```
d = i₁ + i₂ − A
```

ఈ రెండో సమీకరణం మా పట్టికకు మంచి తనిఖీ. 45° వరుసలో 45 + 54.5 − 60 = 39.5, కొలిచిన d కూడా అంతే. 35°, 55° వరుసల్లో మాత్రం అర డిగ్రీ తేడా ఉంది. మా కోణమానినితో అంతకంటే దగ్గరికి రాలేం.

ఇక అసలు విషయం. పుస్తకాల్లో సాధారణంగా "కనిష్ఠ విచలనం వద్ద i₁ = i₂" అని ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోతారు. మొత్తం సూత్రం నిలబడేది ఆ వాక్యం మీదే. ఎందుకు సమానం?

మొదటి ఆధారం పట్టికలోనే దొరికింది. 40° తో లోపలికి వెళ్లిన కిరణం 60.5° తో బయటికి వచ్చింది. 60° తో వెళ్లినది 40.5° తో వచ్చింది. రెండింటికీ d = 40.5°. అంటే ఇది ఒకే దారి, ఎదురు దిశల్లో. కాంతి తను వచ్చిన దారినే వెనక్కి పంపితే అదే దారిలో పోతుంది కనుక, i₁, i₂ తారుమారైనా విచలనం మారదు. ఇప్పుడు వక్రం అడుగున i₁, i₂ వేరువేరుగా ఉన్నాయనుకుందాం. అప్పుడు వాటిని తారుమారు చేసిన చోట కూడా అంతే తక్కువ విచలనం రావాలి. అంటే గ్రాఫుకు రెండు అడుగులు ఉండాలి. మా గ్రాఫుకు ఒక్కటే ఉంది. కాబట్టి అక్కడ i₁ = i₂.

వాదన బాగుంది కానీ ఒక చోట అది గ్రాఫును నమ్ముకుంటోంది. అడుగు ఒక్కటే ఉండాలని ఏముంది? దీనికి కాగితం మీద జవాబు కావాలి. దాని కోసం చిన్న లెక్క చేశాం. n = 1.52 అని పెట్టి, గాజు లోపలి కోణానికి బయటి కోణం ఎంతో స్నెల్ నియమంతో చూశాం:

```
r = 25°  →  i = 39.97°
r = 30°  →  i = 49.46°
r = 35°  →  i = 60.67°
```

r ను 30 నుంచి 25 కి తగ్గిస్తే i 9.49° తగ్గింది. 30 నుంచి 35 కి పెంచితే i 11.21° పెరిగింది. లోపలి కోణం ఒకే అయిదు డిగ్రీలు మారినా బయటి కోణం పైవైపు ఎక్కువ కదులుతుంది. r పెద్దదయ్యే కొద్దీ వంపు ఇంకా ఇంకా వేగంగా పెరుగుతుంది, n ఒకటి కంటే ఎక్కువ ఉన్నంతవరకు ఎప్పుడూ ఇంతే.

ఇప్పుడు r₁ + r₂ = 60° అన్నది గుర్తు పెట్టుకోవాలి. రెండూ 30°, 30° గా ఉన్నప్పుడు d = 49.46 + 49.46 − 60 = 38.92°. ఒకదాని నుంచి 5° తీసి రెండోదానికి ఇస్తే 25°, 35° అవుతాయి. ఒక ముఖం దగ్గర 9.49° మిగిలింది, రెండో ముఖం దగ్గర 11.21° ఖర్చయింది. d 40.64° కి పెరిగింది. ఎటు వైపు మార్చినా ఇలాగే, మిగిలేది తక్కువ, ఖర్చయ్యేది ఎక్కువ. కాబట్టి సమానంగా పంచుకున్న స్థానం నుంచి ఎటు కదిలినా విచలనం పెరగాల్సిందే, అడుగు ఒక్కటే ఉండాల్సిందే. ఇది విన్నాక మా అమ్మాయి తనే 28°, 32° పెట్టి లెక్క కట్టి చూసింది, అక్కడా పెరిగింది.

ఇంటర్ వాళ్లు అవకలనంతో చేయవచ్చు. d ని i₁ పరంగా అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే cos i₁ · cos r₂ = cos r₁ · cos i₂ వస్తుంది. రెండు వైపులా వర్గం చేసి, స్నెల్ నియమంతో r లను తొలగిస్తే, n > 1 అయినప్పుడు i₁ = i₂ తప్ప వేరే సాధన మిగలదు. నాకైతే పై అంకెల దారే ఎక్కువ అర్థవంతంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఎందుకు తక్కువ అన్నది అందులో కళ్లకు కనపడుతుంది.

ఇక మిగిలింది రెండే మెట్లు. i₁ = i₂ = i అయితే r₁ = r₂ = r. అప్పుడు 2r = A, అలాగే D = 2i − A:

```
r = A/2
i = (A + D)/2
n = sin[(A + D)/2] / sin(A/2)
```

మా గాజుకు: sin 49.5° / sin 30° = 0.7604 / 0.5 = 1.52.

బుధవారం: ఆ 1.52 ని ఎంత నమ్మవచ్చు?

D లో అర డిగ్రీ తప్పు వస్తే n లో దాదాపు 0.006 తేడా వస్తుంది. A లో అర డిగ్రీ తప్పు వచ్చినా అంతే, కాకపోతే వ్యతిరేక దిశలో. A ని ఎక్కువగా కొలిస్తే n తక్కువగా వస్తుంది. కాబట్టి మేము నిజాయితీగా రాయగలిగింది 1.52 మాత్రమే. కాలిక్యులేటరు 1.5208 అని చూపించినా చివరి రెండు అంకెలకు మా సూదుల్లో ఆధారం లేదు. కాలేజీ ల్యాబులో స్పెక్ట్రోమీటరు వెర్నియర్ ఒక నిమిషం దాకా, అంటే డిగ్రీలో 60వ వంతు దాకా చదువుతుంది. అదే సూత్రం అక్కడ n ని నాలుగో దశాంశం దాకా తీసుకుపోతుంది.

అంత దూరం పోయేసరికి ఇంకో ప్రశ్న వస్తుంది, ఏ రంగుకు n? ఇలాంటి సాధారణ క్రౌన్ గాజులో ఎరుపుకు, నీలానికి కనిష్ఠ విచలనం దాదాపు 0.7° తేడా ఉంటుంది. మా సూదుల ప్రతిబింబాలకు రంగు అంచులు వచ్చింది అందుకే. ల్యాబులో సోడియం దీపం వాడేది కూడా అందుకే, దాని పసుపు కాంతి 589 నానోమీటర్ల దగ్గర దాదాపు ఒకే రంగు. జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ 1814 ప్రాంతంలో వేర్వేరు గాజుల వక్రీభవన గుణకాలు కొలిచేటప్పుడు ఈ చిక్కునే ఎదుర్కొన్నాడు. సూర్యకాంతి వర్ణపటంలో కనిపించిన నల్లటి గీతలను గుర్తులుగా పెట్టుకుని, ఒక్కో గీతకు పట్టకాన్ని కనిష్ఠ విచలనంలో ఉంచి కోణాలు కొలిచే థియోడొలైట్ పరికరపు దూరదర్శినితో కోణం చదివాడు. గీత కదలదు కనుక రంగు విషయంలో అనుమానం మిగలలేదు.

ఇంకా వెనక్కి పోతే న్యూటన్. వెలుగు, రంగుల గురించి 1672లో రాయల్ సొసైటీకి పంపిన లేఖలో తన పట్టకం శీర్షకోణం 63°12′ అని, రెండు వైపులా వక్రీభవనాలు వీలైనంత సమానంగా ఉంచానని, ఆ కోణం 54°4′ అని రాశాడు. అంటే ఆయన పట్టకాన్ని కనిష్ఠ విచలనంలోనే నిలబెట్టాడు. మన సూత్రంలో పెట్టి చూద్దాం. (A + D)/2 అంటే 54°4′, A/2 అంటే 31°36′. sin 54°4′ = 0.8097, sin 31°36′ = 0.5240, నిష్పత్తి 1.545. అదే లేఖలో తన గాజుకు సైన్‌ల నిష్పత్తి 20 కి 31 అని ఇచ్చాడు, అంటే 1.55. మూడున్నర శతాబ్దాల కిందటి కొలత మా కాగితం మీద సరిపోయింది. ఇద్దరం చాలాసేపు ఆ లెక్కనే చూస్తూ ఉండిపోయాం.

శనివారం: నీటి పట్టకం

సూక్ష్మదర్శినికి వాడే గాజు స్లైడులు మూడు తీసుకున్నాం, ఒక్కోటి 75 × 25 మిల్లీమీటర్లు. పొడవు వైపు అడ్డంగా ఉండేలా నిలబెట్టి త్రిభుజంగా అమర్చి, కింద చదునైన గాజు ముక్క పెట్టి, చేపల తొట్టెకు వాడే సిలికాన్‌తో మూలలు, అడుగు బయటి వైపు నుంచి అతికించాం. ఒక రోజంతా ఆరనివ్వాలి. లోపల 60 మిల్లీలీటర్ల దాకా నీళ్లు పడతాయి.

మధ్యలో గాజు గోడలున్నాయి కదా, అవి వంచే వంపు లెక్కలోకి రాదా అని అనుమానం సహజం. స్లైడు రెండు ముఖాలూ సమాంతరంగా ఉంటే రాదు. గోడలోని కోణం θ అనుకుంటే n(నీరు)·sin r = n(గాజు)·sin θ = sin i. గాజు మధ్యలోంచి తప్పుకుంటుంది. దీన్ని నమ్మడం కంటే పరీక్షించడం తేలిక. ఖాళీ పట్టకంలోంచి లేజర్ పంపి, పట్టకం తీసేసి మళ్లీ చూస్తే గోడ మీద చుక్క ఉన్న చోటే ఉంది. స్లైడులు సమాంతరంగానే ఉన్నాయి.

చేతితో అతికించింది కనుక కోణం 60° ఉంటుందని అనుకోకూడదు. శీర్షం దగ్గర సిలికాన్ పేరుకుని ఉంటుంది కాబట్టి పరావర్తనంతో 2A కొలవడం కుదరలేదు. అందుకే రెండు బయటి ముఖాల వెంట గీతలు గీసి, అవి కలిసే దాకా పొడిగించి, ఆ బిందువు నుంచి ఒక్కో గీత మీద 20 సెంటీమీటర్లు గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య దూరం కొలిచాం. సరిగ్గా 60° అయితే ఆ దూరం 20 సెంటీమీటర్లు ఉండాలి. మాకు 20.3 వచ్చింది. sin(A/2) = 20.3/40, కాబట్టి A = 61°.

ఆదివారం సాయంత్రం: గోడ మీద చుక్క

ఈసారి సూదులు లేవు. ఎర్ర లేజర్ పాయింటరును బల్లకు కట్టేశాం. గోడ పట్టకం నుంచి 200 సెంటీమీటర్ల దూరం, లేజర్‌కు లంబంగా. గుండ్రటి అట్టముక్క మధ్యలో పిన్ను గుచ్చి తిరిగే బల్లలా చేసి పట్టకాన్ని దాని మీద పెట్టాం. లేజర్ కంటికి తగలకూడదు, ముఖాల మీద పరావర్తనం చెందిన కిరణం గది చుట్టూ తిరుగుతుంది, అందుకే తల ఎప్పుడూ బల్ల మట్టానికి పైనే ఉంచుకున్నాం.

నీళ్లు పోసి అట్టను మెల్లగా ఒకే దిశలో తిప్పితే, చుక్క గోడ మీద పట్టకం లేనప్పుడు పడే తిన్నటి స్థానం వైపు జరుగుతూ వచ్చింది, ఒక చోట ఆగింది, అట్ట అదే దిశలో తిరుగుతుండగానే వెనక్కి మళ్లింది. ఆగిన చోటే కనిష్ఠ విచలనం. మొన్న కాగితం మీద గీసిన వక్రం అడుగు ఇదే. అట్టను కాస్త అటూఇటూ కదిపినా చుక్క కదిలీకదలనట్టు ఉండడం అక్కడ మా అమ్మాయికి బాగా నచ్చింది. గోడ మీద ఇంకా కొన్ని మసక చుక్కలుంటాయి. బయటి ముఖం మీద పరావర్తనంతో వచ్చిన చుక్క అట్ట తిరిగే కొద్దీ ఒకే దిశలో రెట్టింపు వేగంతో పోతుంది, ఎక్కడా ఆగదు. ఆగి వెనక్కి మళ్లేదే మనకు కావాల్సినది.

తిన్నటి స్థానం నుంచి ఆగిన చోటికి 89 సెంటీమీటర్లు.

```
tan D = 89/200          →  D = 24°
n = sin 42.5° / sin 30.5° = 0.6756 / 0.5075 = 1.331
```

ఎర్ర కాంతికి నీటి వక్రీభవన గుణకం సుమారు 1.331. సరిపోయింది, కానీ మూడో దశాంశం మాకు హక్కుగా వచ్చింది కాదు. చుక్క స్థానంలో 1 సెంటీమీటరు తేడా D లో పావు డిగ్రీ. ఆ 200 సెంటీమీటర్లు లోపలికి వెళ్లే కిరణం, బయటికి వచ్చే కిరణం పొడిగిస్తే కలిసే చోటు నుంచి కొలవాలి. అది పట్టకం మధ్య భాగంలో ఉంటుంది, అక్కడ 1 సెంటీమీటరు పొరపాటు D లో పదో వంతు డిగ్రీ. ఇక A ని కొలవకుండా 60° అని వేసేస్తే అదే D కి n = 1.338 వచ్చేది. నీటి ప్రయోగాల్లో జవాబు కొంచెం పక్కకి పోయిందంటే నేను ముందు అనుమానించేది పట్టక కోణాన్నే.

తర్వాత నీళ్లు తీసేసి చక్కెర ద్రావణం పోశాం, 20 గ్రాముల చక్కెరకు 80 గ్రాముల నీళ్లు. చుక్క ముందు కిందకి సాగి గీతలా కనపడింది. చక్కెర పూర్తిగా కలవక అడుగున చిక్కగా, పైన పలచగా ఉంటే కిరణం చిక్కటి వైపుకు, అంటే కిందకి వంగుతుంది. బాగా కలిపి, బుడగలు పోయేదాకా ఆగితే చుక్క మళ్లీ గుండ్రంగా నిలబడింది. అట్ట తిప్పి ఆగే చోటు మళ్లీ వెతికాం. n మారితే కనిష్ఠ విచలనానికి కావాల్సిన పతన కోణం కూడా మారుతుంది, నీటికి 42.5° అయితే ఇప్పుడు 44° కి దగ్గర. పాత స్థానంలోనే వదిలేసి చదవకూడదు.

ఈసారి దూరం 100 సెంటీమీటర్లు. tan D = 0.5, D = 26.6°, n = 1.363. ఇరవై శాతం చక్కెర ద్రావణానికి పట్టికల్లో పసుపు కాంతికి ఇచ్చే విలువ 1.364. ఎరుపుకు అది కాస్త తక్కువ ఉండాలి, కాబట్టి మా చుక్క ఉండాల్సిన చోటే ఉంది. ఇక పది శాతం ద్రావణం ఒకటి, ఉప్పునీరు ఒకటి మిగిలాయి. వాటికి చుక్క ఎక్కడ ఆగాలో మా అమ్మాయి ముందే లెక్క కట్టి గోడ మీద పెన్సిలుతో గుర్తులు పెట్టింది.